ఒకే రిఫండ్ రెండుసార్లు వెళ్లిపోయింది: కస్టమర్‌ను డబ్బు వెనక్కి అడగడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్న వ్యాపారుల లెక్కలు చూసే పనిలో ఉన్నాను. "కస్టమర్‌కి రెండుసార్లు డబ్బు పంపేశాం, ఇప్పుడు ఏమని మెసేజ్ పెట్టాలి?" అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. పొరపాటు చాలా రకాలుగా జరగొచ్చు కానీ నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఒకటే. కస్టమర్ వస్తువు తిరిగిచ్చారు. వ్యాపారి కార్డుకు రిఫండ్ పెట్టారు. అది కొన్ని రోజులైనా కనపడలేదని కస్టమర్ అడిగారు. పాపం ఇబ్బంది పడుతున్నారని వ్యాపారి బ్యాంకు ద్వారా మళ్లీ పంపారు. ఆ తర్వాత మొదటిది కూడా చేరింది. కింది జవాబులన్నీ ఈ రకాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవే. మీకు ఏ ప్రశ్న అవసరమో దానికే నేరుగా వెళ్లొచ్చు.

## మెసేజ్ పెట్టకముందు

నేను ఒకటి ఆగిపోయిందనుకునే రెండోది పంపాను. రెండూ ఎలా వెళ్లాయి?

కార్డు రిఫండ్, బ్యాంకు బదిలీ వేర్వేరు దారుల్లో నడుస్తాయి. ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు. మీ తరఫున కార్డు చెల్లింపులు తీసుకునే గేట్‌వేలో మీరు రిఫండ్ నొక్కగానే అది కార్డు నెట్‌వర్క్ మీదుగా కస్టమర్ బ్యాంకుకు చేరాలి. ఆ బ్యాంకు దాన్ని కార్డు ఖాతాలో చూపించాలి. దీనికి మామూలుగా కొన్ని పనిదినాలు పడుతుంది, మధ్యలో సెలవులు వస్తే ఇంకా ఆలస్యం. బ్యాంకు బదిలీ మాత్రం చాలాచోట్ల నిమిషాల్లోనో, మర్నాటికో చేరిపోతుంది. అందుకే వెనక పంపింది ముందు చేరి, ముందు పంపింది వెనక చేరుతుంది.

గేట్‌వే తెరమీద "సక్సెస్" అని కనిపించినా, "ప్రాసెస్డ్" అని కనిపించినా, మీ వైపు నుంచి రిఫండ్ బయల్దేరిందని మాత్రమే అర్థం. కస్టమర్ ఖాతాలో పడిందని కాదు. ఈ తేడా తెలియకే కస్టమర్ "రాలేదు" అంటారు, వ్యాపారి "పంపాను" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు.

రెండూ నిజంగానే వెళ్లాయని ఎలా తేల్చుకోవాలి?

ఫోన్‌కి వచ్చిన మెసేజ్‌లను, యాప్‌లో కనిపించే చరిత్రను నమ్మొద్దు. మీ బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి చూడండి. బ్యాంకు బదిలీ అయితే ఖర్చు వైపు ఒక పద్దు, దానికో రిఫరెన్స్ నంబర్ ఉంటాయి. కార్డు రిఫండ్ మాత్రం చాలాసార్లు విడిగా కనపడదు. గేట్‌వే మీకు రోజూ పంపే అమ్మకాల మొత్తంలోంచి దాన్ని మినహాయించుకుని మిగతాది జమ చేస్తుంది. కాబట్టి దానికి గేట్‌వే ఇచ్చే సెటిల్‌మెంట్ నివేదిక చూడాలి. అక్కడ ఆ ఆర్డర్ పేరిట మైనస్ పద్దు ఉంటే డబ్బు మీ చేతినుంచి వెళ్లినట్టే.

రిఫండ్ ఇంకా "పెండింగ్" అనే ఉంటే ఆగండి. పెండింగ్‌లో ఉన్నది కొన్నిసార్లు "ఫెయిల్డ్" అయి మీకే తిరిగి వస్తుంది. అప్పటికే కస్టమర్‌ను అడిగి ఉంటే, ఆయనకు న్యాయంగా రావలసిన ఒక్క రిఫండ్‌నే వెనక్కి అడిగినవాళ్లమవుతాం. తర్వాత ఎంత సర్ది చెప్పినా ఆ పరువు తిరిగి రాదు.

కస్టమర్‌ను అడగకుండానే ఆపేయలేమా?

కొద్దిపాటి వీలుంది, అదీ వెంటనే చేస్తేనే. కార్డు రిఫండ్ పెట్టిన రోజే పొరపాటు పట్టుకుంటే, అది ఇంకా నెట్‌వర్క్‌కు వెళ్లకపోతే, కొన్ని గేట్‌వేలు దాన్ని రద్దు చేయనిస్తాయి. ఒకసారి వెళ్లిపోయాక కస్టమర్ కార్డు నుంచి మీరు వెనక్కి లాక్కునే బటన్ అంటూ ఏదీ ఉండదు.

బ్యాంకు బదిలీకి మీ బ్యాంకులో "రీకాల్" అడగొచ్చు. పొరపాటున రెండుసార్లు పంపామని రాసిస్తే మీ బ్యాంకు అవతలి బ్యాంకుకు విన్నపం పంపుతుంది. ఇది విన్నపమే, ఆజ్ఞ కాదు. సాధారణంగా డబ్బు జమైన వ్యక్తి సరేనంటేనే అవతలి బ్యాంకు వెనక్కి ఇస్తుంది. దీనికి గడువులు, రుసుములు బ్యాంకును బట్టి ఉంటాయి కాబట్టి ఆలస్యం చేయకుండా అడగండి. అలాగే రీకాల్ పెట్టానని కస్టమర్‌కు ముందే చెప్పండి. బ్యాంకు నుంచి హఠాత్తుగా ఫోన్ వస్తే ఎవరికైనా కంగారే.

కస్టమర్ కార్డు వివరాలు మా సిస్టమ్‌లో సేవ్ అయి ఉన్నాయి. అంతే మొత్తం అక్కడి నుంచి తీసుకుంటే గొడవ ఉండదు కదా?

గొడవ అక్కడే మొదలవుతుంది. ఆ కార్డు సేవ్ చేసుకోవడానికి కస్టమర్ ఒప్పుకున్నది తాను కొనుక్కునే వస్తువుల కోసం. మీ పొరపాటు సర్దుకోవడానికి కాదు. అడగకుండా తీస్తే అది అనుమతి లేని లావాదేవీ అవుతుంది. కస్టమర్ తన బ్యాంకుకు ఫిర్యాదు చేస్తే చార్జ్‌బ్యాక్ పడుతుంది. అంటే మొత్తం వెనక్కి పోతుంది, పైన గేట్‌వే వేసే రుసుము కూడా మీ మీదే. ఆయన రాతపూర్వకంగా "అదే కార్డు నుంచి తీసుకోండి" అంటే అప్పుడు వేరే మాట.

పొరపాటు మాది. అడిగే హక్కు మాకుందా?

ఉంది. రావలసిన బాకీ ఏదీ లేకుండా పొరపాటున అందిన డబ్బును తిరిగి ఇవ్వాలన్న సూత్రం చాలా పాతది. రోమన్ న్యాయంలోనే దీనికో ప్రత్యేకమైన దావా ఉండేది. ఇప్పటికీ చాలా దేశాల చట్టాల్లో ఇది ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది. పంపినవాడిది నిర్లక్ష్యమే అయినా ఆ ఒక్క దానితో హక్కు పోదు. కాకపోతే తీసుకున్న మనిషి అది తన సొమ్మేనని నిజాయితీగా నమ్మి ఖర్చు పెట్టేస్తే కొన్నిచోట్ల న్యాయస్థానాలు అతని వైపు కూడా చూస్తాయి. అందుకే గమనించిన వెంటనే చెప్పడం మీకే మంచిది. మీరు చెప్పాక ఖర్చు పెట్టినవాళ్లు "నాకు తెలియదు" అనడం కష్టం.

## మెసేజ్ రాసేటప్పుడు

ఇలాంటి మెసేజ్ చూడగానే మోసం అనుకోరా?

అనుకుంటారు, అనుకోవాలి కూడా. "పొరపాటున మీకు డబ్బు పంపాను, దయచేసి వెనక్కి పంపండి" అన్నది బాగా నలిగిన మోసం. మోసగాడు ఎవరిదో దొంగిలించిన ఖాతా నుంచి డబ్బు పంపుతాడు. లేదా పంపినట్టు నకిలీ మెసేజ్ సృష్టిస్తాడు. అవతలి మనిషి జాలిపడి తన సొంత డబ్బు పంపుతాడు. కొన్ని రోజులకు అసలు ఖాతాదారు ఫిర్యాదు చేస్తే బ్యాంకు మొదటి మొత్తాన్ని వెనక్కి తీసేసుకుంటుంది. అలా ఆ మనిషి రెండు వైపులా నష్టపోతాడు. మీ కస్టమర్ ఈ కథ ఎక్కడో చదివే ఉంటారు.

కాబట్టి మెసేజ్ రాసేటప్పుడు మీ లక్ష్యం నమ్మించడం కాకూడదు. మిమ్మల్ని నమ్మకపోయినా ఆయనే తనిఖీ చేసుకునేలా రాయాలి. అంటే ఆయన తన స్టేట్‌మెంట్ తెరిస్తే దొరికే తేదీలు, మొత్తాలు, రిఫరెన్స్ నంబర్లు ఇవ్వాలి. లింక్ పెట్టకూడదు. ఓటీపీ, కార్డు నంబర్, పాస్‌వర్డ్ అడగకూడదు. "ఈరోజే పంపండి" అని తొందరపెట్టకూడదు. ఈ మూడూ మోసగాళ్ల గుర్తులు. ఒక్కటి కనిపించినా మీ నిజమైన మెసేజ్ కూడా ఆ గాటనే కడతారు.

ఇంకో మాట. "మీకు అనుమానంగా ఉంటే ముందు మీ బ్యాంకును అడగండి" అని మీరే రాయండి. మోసగాడు ఎప్పుడూ అనని మాట అది.

ఒక నమూనా మెసేజ్ ఇస్తారా?

ఇస్తాను, కానీ ముందు ఒక ఉదాహరణ అనుకుందాం. కస్టమర్ ఒక బ్యాగు కొని, జిప్పు సరిగ్గా లేదని తిరిగిచ్చారు. రావలసిన రిఫండ్ 3,400, కరెన్సీ ఏదైనా సరే. మార్చి 4న కార్డుకు రిఫండ్ పెట్టారు. మార్చి 9న "ఇంకా రాలేదు" అని ఆయన అడిగితే అదే రోజు బ్యాంకు ద్వారా మరో 3,400 పంపారు. మార్చి 12న సెటిల్‌మెంట్ నివేదిక చూస్తే మొదటిది కూడా వెళ్లిపోయింది. ఇప్పుడు మెసేజ్ ఇలా ఉండొచ్చు:

> నమస్కారమండీ. మీరు తిరిగిచ్చిన బ్యాగు (ఆర్డర్ నంబర్ 2217) రిఫండ్ విషయమై రాస్తున్నాం.
>
> మీకు రావలసింది 3,400. మా వైపు పొరపాటు వల్ల అది రెండుసార్లు వెళ్లింది:
> మార్చి 4న, మీరు కొన్నప్పుడు వాడిన కార్డుకు 3,400 (రిఫరెన్స్ నంబర్: ...)
> మార్చి 9న, మీ బ్యాంకు ఖాతాకు 3,400 (రిఫరెన్స్ నంబర్: ...)
>
> దయచేసి మీ కార్డు స్టేట్‌మెంట్, బ్యాంకు స్టేట్‌మెంట్ రెండూ ఒకసారి చూడండి. కార్డు రిఫండ్ కనపడటానికి ఇంకొన్ని రోజులు పట్టొచ్చు. రెండూ చేరాయని మీకు నిర్ధారణ అయ్యాకే, మార్చి 9న వచ్చిన 3,400 వెనక్కి పంపమని కోరుతున్నాం. మొదటిది మీదే, అది అలాగే ఉంటుంది.
>
> ఆ డబ్బు ఏ ఖాతా నుంచి వచ్చిందో అదే ఖాతాకు తిరిగి పంపమని మీ బ్యాంకును అడగొచ్చు. దానికి ఏదైనా రుసుము పడితే మేమే భరిస్తాం. అనుమానంగా ఉంటే మీ బిల్లు మీద ఉన్న నంబర్‌కు ఫోన్ చేసి మమ్మల్ని అడగండి, లేదా ముందు మీ బ్యాంకును అడగండి.
>
> మార్చి 26 లోపు వీలవుతుందేమో చెప్పగలరా? వేరే ఇబ్బంది ఉంటే చెప్పండి, కలిసి ఒక దారి చూద్దాం. మా వల్ల కలిగిన శ్రమకు క్షమించండి.

ఇందులో గమనించాల్సింది రెండే. ఏది ఆయనది, ఏది వెనక్కి రావాలి అన్నది విడదీసి చెప్పాం. "ఎక్కువ డబ్బు వచ్చింది, పంపండి" అని మాత్రమే రాస్తే, తన రిఫండే పోతుందేమోనని కస్టమర్ భయపడతారు. రెండోది, క్షమాపణ ఒక్క వాక్యంలో ముగిసింది. నాలుగు పేరాల క్షమాపణ చదివితే అసలు అడిగిందేమిటో మర్చిపోతారు.

మా బ్యాంకు స్టేట్‌మెంట్ స్క్రీన్‌షాట్ పెడితే సరిపోదా?

స్క్రీన్‌షాట్‌ను ఎవరైనా మార్చొచ్చని ఇప్పుడు అందరికీ తెలుసు, కాబట్టి అది పెద్ద రుజువు కాదు. పైగా ఆ పేజీలో మీ మిగతా కస్టమర్ల పేర్లు, మీ ఖాతాలో ఎంత ఉంది, ఎవరికి ఎంత ఇచ్చారు అన్నీ కనిపించిపోతాయి. రిఫరెన్స్ నంబర్‌ను టైప్ చేసి ఇవ్వండి. దాన్ని ఆయన కాపీ చేసి తన బ్యాంకును అడగొచ్చు. కార్డు రిఫండ్‌కు సాధారణంగా అక్వైరర్ రిఫరెన్స్ నంబర్ అని 23 అంకెలది ఒకటి ఉంటుంది. గేట్‌వేను అడిగితే ఇస్తారు. కస్టమర్ బ్యాంకు దాన్ని పట్టుకుని రిఫండ్ ఎక్కడుందో వెతకగలదు.

వాట్సాప్‌లో పెట్టాలా, ఈమెయిల్ పంపాలా, ఫోన్ చేయాలా?

ఆర్డర్ గురించి ఇంతకుముందు ఎక్కడ మాట్లాడుకున్నారో అక్కడే. పాత సంభాషణ కిందే ఈ మెసేజ్ కూడా ఉంటే అది మీరేనని కస్టమర్‌కు తెలిసిపోతుంది. కొత్త నంబర్ నుంచో, ఉద్యోగి సొంత ఫోన్ నుంచో పెడితే సగం నమ్మకం అక్కడే పోతుంది. ఫోన్ చేయడం మర్యాదే కానీ దాని తర్వాత రాతలో కూడా పెట్టండి. అంకెలు ఫోన్‌లో చెబితే ఎవరికీ గుర్తుండవు, రేపు తేడా వస్తే చూపించడానికీ ఏమీ ఉండదు.

గడువు పెట్టడం మర్యాదేనా?

తేదీ లేని కోరికను రేపు చూద్దాంలే అని పక్కన పెట్టేస్తారు. అందుకని తేదీ ఉండాలి, కానీ అది ఆయన స్టేట్‌మెంట్ చూసుకుని, బ్యాంకును అడిగి, తీరిగ్గా పంపడానికి సరిపోవాలి. రెండు వారాలు ఇవ్వడం నాకు సబబుగా అనిపిస్తుంది. కార్డు రిఫండ్ ఇంకా ఆయనకు కనపడకపోతే ఆ తేదీ కనిపించిన రోజునుంచి లెక్కించండి. పొరపాటు చేసింది మనం, తొందరపెట్టే హక్కు మనకు తక్కువ.

ఏ దారిలో వెనక్కి పంపమని అడిగితే అందరికీ క్షేమం?

బ్యాంకు బదిలీని వచ్చిన ఖాతాకే తిప్పి పంపమని కస్టమర్ తన బ్యాంకును అడగడం అన్నిటికన్నా మంచిది. అప్పుడు ఆయన మీ ఖాతా నంబర్ టైప్ చేయనక్కర్లేదు, మీరు ఇవ్వనక్కర్లేదు. డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే పోతుంది కాబట్టి మధ్యలో మూడోవాడు దూరే సందు ఉండదు. అన్ని బ్యాంకులూ దీన్ని సులువుగా చేయవు. అలాంటప్పుడు ఆయన కొత్త బదిలీ చేయాల్సి వస్తుంది. ఖాతా వివరాలు బిల్లు మీద ముద్రించి ఉంటే "బిల్లు మీద ఉన్న ఖాతాకే" అని చెప్పండి.

మీ బంధువు ఖాతాకో, మేనేజర్ ఖాతాకో పంపమని మాత్రం అడగకండి, ఎంత వీలుగా ఉన్నా సరే. వ్యాపారం పేరు ఒకటి, డబ్బు వెళ్లే పేరు ఇంకొకటి అయితే తెలివైన కస్టమర్ ఆగిపోతారు. ఆగకపోయినా మీ లెక్కల్లో అది ఎప్పటికీ సరిపోలదు.

కార్డుకు వెళ్లిన దాన్ని వెనక్కి ఇవ్వమని అడగడం కస్టమర్‌కు కష్టం. కార్డులో పడిన రిఫండ్‌ను వ్యాపారికి తిప్పి పంపే ఏర్పాటు సాధారణంగా ఉండదు. అందుకే ఎప్పుడూ బదిలీ చేసిన మొత్తాన్నే అడగండి, కార్డుది ఆయనకే వదిలేయండి.

## జవాబు వచ్చాక

"నాకు ఒక్కసారే వచ్చింది" అంటున్నారు. అబద్ధమాడుతున్నారా?

నూటికి తొంభై మంది అబద్ధమాడరని నా నమ్మకం. కార్డు రిఫండ్ కళ్లకు కనపడకుండా ఉండటానికి మూడు కారణాలున్నాయి.

ఒకటి, క్రెడిట్ కార్డు అయితే డబ్బు చేతికి రాదు. కట్టాల్సిన బాకీ అంతమేరకు తగ్గుతుంది. బ్యాంకు ఖాతాలో మాత్రమే వెతికే మనిషికి అది ఎప్పటికీ కనపడదు. నేను చూసిన గొడవల్లో ఎక్కువ భాగం ఇదే. "కార్డు స్టేట్‌మెంట్‌లో జమల వైపు చూడండి, బాకీ తగ్గి ఉంటుంది" అని ఒక్క వాక్యం రాస్తే చాలాసార్లు తేలిపోతుంది. ఆయన వైపు నుంచి కూడా ఆలోచించాలి. మనం అడిగేది చేతిలోని నగదు, ఆయనకు వచ్చింది బాకీలో తగ్గింపు. ఆ నెల చేతిలో డబ్బు ఇరుకుగా ఉంటే ఈ రెండూ ఒకటి కావు.

రెండు, కొనుగోలు పూర్తిగా సెటిల్ కాకముందే రిఫండ్ పడితే కొన్ని బ్యాంకులు కొత్త జమ చూపించవు. అసలు కొనుగోలు పద్దునే మాయం చేస్తాయి. కస్టమర్ జమ కోసం వెతుకుతూ ఉంటారు. ఆయన వెతకాల్సింది కొన్న పద్దు ఇంకా ఉందా అని.

మూడు, ఆ కార్డు ఈలోపు మూసేసి ఉండొచ్చు, లేదా పోగొట్టుకుని కొత్తది తీసుకుని ఉండొచ్చు. అప్పుడు రిఫండ్ ఆయన బ్యాంకు దగ్గర ఎక్కడో ఉంటుంది. ఆయన 23 అంకెల రిఫరెన్స్ నంబర్‌తో బ్యాంకును అడిగి తేల్చుకునేదాకా మీరు డబ్బు అడగడం ఆపాలి. ఆయన చేతికి నిజంగా ఒక్కటే అందింది కదా.

"ఖర్చయిపోయింది, ఒకేసారి ఇవ్వలేను" అంటే ఏం చేయాలి?

విడతలకు ఒప్పుకోండి. ఎన్ని విడతలో, ఏ తేదీల్లో, ఒక్కోటీ ఎంతో ఆయన్నే చెప్పమనండి. మనం పెట్టిన షెడ్యూల్ కన్నా తాను చెప్పినదాన్నే మనుషులు నిలబెట్టుకుంటారు. ఒప్పుకున్నది ఒక చిన్న మెసేజ్‌లో మీరు తిరిగి రాసి, "సరే" అనిపించుకోండి. వడ్డీ మాట ఎత్తకండి.

"తర్వాత ఆర్డర్‌లో సర్దేసుకోండి" అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

ఎప్పుడూ కొనే కస్టమర్ అయితే ఇద్దరికీ సుఖమైన దారి ఇదే. కానీ తర్వాత ఆర్డర్ ఎప్పుడో తెలియకపోతే ఆ డబ్బు గాల్లోనే ఉన్నట్టు. ఒక తేదీ పెట్టుకుని, "ఆలోపు ఆర్డర్ లేకపోతే బ్యాంకు ద్వారా పంపుతాను" అని ఆయనతో అనిపించుకోండి. కొత్త ఆర్డర్ బిల్లు మాత్రం పూర్తి ధరకే వేయాలి. ఆయన అప్పటికే ఉంచుకున్న 3,400ను ఆ బిల్లుకు చెల్లింపుగా చూపించాలి. ధర తగ్గించి బిల్లు వేస్తే అమ్మకమూ పన్నూ తప్పుతాయి.

కస్టమర్ వేరే దేశంలో ఉన్నారు. పంపింది మాకు తక్కువగా చేరింది. మిగతాది అడగాలా?

వద్దు. మీరు పంపినప్పుడు ఒక మారకపు రేటు, ఆయన పంపినప్పుడు ఇంకొకటి. మధ్యలో బ్యాంకుల రుసుములు. ఆయన ఖాతాలో నిజంగా జమైన మొత్తాన్నే వెనక్కి అడగండి, తేడాను మీ ఖర్చుగా రాసుకోండి. ఆయన తప్పు లేని చోట ఆయన జేబులోంచి ఒక్క పైసా కూడా పోకూడదు.

"పంపేశాను" అని స్క్రీన్‌షాట్ పెట్టారు, మా ఖాతాలో మాత్రం లేదు.

ముందు థ్యాంక్స్ చెప్పి, రిఫరెన్స్ నంబర్ టైప్ చేసి పంపమని అడగండి. బదిలీలు కూడా ఒకటి రెండు రోజులు ఆగుతుంటాయి. మీ స్టేట్‌మెంట్‌లో పడేదాకా "అందింది" అని మాత్రం రాయకండి. ఆ మాట తర్వాత మీమీదే వాడతారు.

## జవాబు రాకపోతే

మెసేజ్ చూశారు, జవాబు లేదు. మళ్లీ ఎప్పుడు అడగాలి?

ఒక వారం ఆగి అదే సంభాషణలో చిన్న గుర్తు చేయండి. మళ్లీ కథంతా చెప్పక్కర్లేదు.

> నమస్కారమండీ. మార్చి 9న రెండోసారి వెళ్లిన 3,400 గురించి మేం రాసింది చూశారా? స్టేట్‌మెంట్‌లో ఏదైనా కనపడకపోతే చెప్పండి, మేం గేట్‌వేను అడిగి వివరాలు తెప్పిస్తాం.

ఇందులో డబ్బు అడగడం కన్నా సాయం చేస్తామనడం ముందుకొచ్చింది. చాలామంది జవాబివ్వనిది ఎగ్గొట్టాలని కాదు. మోసమేమో అన్న అనుమానమో, కార్డు స్టేట్‌మెంట్ ఎలా చూడాలో తెలియకపోవడమో కారణం. ఆ టెన్షన్ తీరితే వాళ్లే పంపుతారు.

ఎంతదాకా వెంటపడాలి?

మెసేజ్, ఒక గుర్తు, తర్వాత ఒక ఫోన్. అప్పటికీ ఏమీ లేకపోతే తేదీలు, మొత్తాలు, రిఫరెన్స్ నంబర్లతో ఒక రాతపూర్వకమైన లేఖ పంపండి. కొరియర్‌లోనో, అందజేసినట్టు నమోదు చేసే తపాలాలోనో వెళితే అందినట్టు రుజువు ఉంటుంది. దానికీ స్పందన లేకపోతే చిన్న మొత్తాల దావాలు వినే న్యాయస్థానం చాలా దేశాల్లో ఉంటుంది. అక్కడికి వెళ్లేముందు ఆ దావా ఖర్చు, పోయే రోజులు, ఆ మొత్తం పక్కపక్కన పెట్టి చూడండి. చిన్న మొత్తమైతే నష్టంగా రాసేసి కొట్టు తెరుచుకోవడమే లాభం. ఇది నా అభిప్రాయం, అందరు వ్యాపారులూ ఒప్పుకోరు.

ఆయన పేరు గ్రూపులోనో, మా పేజీలోనో పెట్టొచ్చా?

వద్దు. డబ్బు వివరాలు బయటపెట్టారని ఆయనే మీమీద ఫిర్యాదు చేయగలరు. చూసిన మిగతా కస్టమర్లకు గుర్తుండేది మీరు పరువు తీశారన్నదే, ఆయన బాకీ ఉన్నారన్నది కాదు.

## లెక్కల్లో

రెండోసారి వెళ్లిన డబ్బును పద్దుల్లో ఏమని రాయాలి?

చాలామంది రెండిటినీ రిఫండ్ కింద రాసేస్తారు. అలా రాస్తే అమ్మకాలు ఉండాల్సినదానికన్నా 3,400 తక్కువగా కనిపిస్తాయి, పన్ను లెక్కా తప్పుతుంది. రిఫండ్ ఒక్కటే, క్రెడిట్ నోటూ ఒక్కటే. రెండోది ఆ కస్టమర్ నుంచి "రావలసిన బాకీ". డబ్బు తిరిగి వచ్చిన రోజు ఆ బాకీ కొట్టేయండి. దాన్ని కొత్త అమ్మకంగా రాయకండి. స్టేట్‌మెంట్‌లో జమ కనపడగానే ఆదాయం అనుకుని రాసేయడం ఇంకో మామూలు తప్పు. మారకపు తేడా, బ్యాంకు రుసుము మాత్రం విడిగా ఖర్చులోకి వెళ్తాయి.

డబ్బు వచ్చేసింది. ఇక మెసేజ్ ఏమైనా పెట్టాలా?

పెట్టాలి. "మార్చి 20న 3,400 అందింది. ఆర్డర్ 2217కు సంబంధించి మీరు మాకు ఇవ్వాల్సింది ఏమీ లేదు" అని రాయండి. అంతటితో ఆపేస్తే మాత్రం, ముందు పెట్టిన రీకాల్ విన్నపం ఇంకా నడుస్తూ ఉండి, నెల తర్వాత ఆయన బ్యాంకు నుంచి మళ్లీ అడుగుతారు. కాబట్టి అదే రోజు మీ బ్యాంకుకు కూడా రాసి రీకాల్ రద్దు చేయించండి.

ఇది మళ్లీ జరగకుండా ఏం చేయాలి?

కార్డు రిఫండ్ పెట్టాక ఆ 23 అంకెల నంబర్ గేట్‌వే నుంచి రాగానే కస్టమర్‌కు పంపితే "రాలేదు" అన్న మెసేజ్‌లు చాలా తగ్గుతాయి. ఆయన నేరుగా తన బ్యాంకును అడుగుతారు. ఒకవేళ మిమ్మల్నే అడిగినా, గేట్‌వేలో ఆ రిఫండ్ "ఫెయిల్డ్" అని కనపడితే తప్ప ఇంకో దారిలో పంపకండి. "పెండింగ్" అన్నా, "ప్రాసెస్డ్" అన్నా, ఆగడమే. రిఫండ్లు ఇద్దరు మనుషులు చూస్తుంటే, పంపేముందు ఆర్డర్ నంబర్ పక్కన ఒక గుర్తు పెట్టుకునే పుస్తకమో, షీటో ఒక్కటే ఉండాలి. ఇద్దరి దగ్గరా చెరొకటి ఉంటే ఇద్దరూ పంపుతారు.